తప్పు జవాబు మరో రోగికి సరైన జవాబు కావాలి

ముందుగా ఒక ప్రశ్న చదవండి. రోగి కల్పితం, పరిస్థితి మాత్రం ఏ జనరల్ ఆసుపత్రికైనా రాదగినదే.

"58 ఏళ్ల మహిళ. బైపోలార్ డిజార్డర్‌కి ఆరేళ్లుగా లిథియం కార్బొనేట్ రోజుకు 900 మిల్లీగ్రాములు వాడుతోంది. మూడు నెలల క్రితం రక్తంలో లిథియం లీటరుకు 0.7 మిల్లీమోల్. మోకాళ్ల నొప్పులకు పది రోజులుగా మందుల షాపులో కొన్న ఇబుప్రోఫెన్ వేసుకుంటోంది. మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. నిన్నటి నుంచి గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణుకుతున్నాయి, నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది. స్పృహలోనే ఉంది, అడిగినవాటికి సరిగ్గా జవాబు చెబుతోంది. నాలుక ఎండిపోయింది. జ్వరం లేదు, కండరాలు బిగుసుకోలేదు. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు తీసిన రక్తంలో లిథియం 1.6 మిల్లీమోల్, సోడియం 138 మిల్లీమోల్. క్రియాటినిన్ 1.4 మిల్లీగ్రాములు, ఇంతకుముందు 0.9 ఉండేది. లిథియం, ఇబుప్రోఫెన్ రెండూ ఆపేశారు. ఇప్పుడు ఇవ్వాల్సిన చికిత్స ఏది?"

ఎ. యాక్టివేటెడ్ చార్‌కోల్
బి. ఫ్యూరోసెమైడ్
సి. నార్మల్ సెలైన్
డి. ప్రొప్రనొలాల్

వైద్య విద్యార్థులు ఇలాంటి ప్రశ్నను సింగిల్ బెస్ట్ ఆన్సర్ ప్రశ్న అంటారు. నీట్ పీజీ రాసే ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ కొన్నేళ్లపాటు వీటితోనే కాపురం చేస్తాడు. నాలుగు ఆప్షన్లు, ఒక్కటే కీ. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. చూడ్డానికి మామూలు బిట్ పేపరులాగే ఉంటుంది కానీ, పై ప్రశ్న తయారు కావడానికి పట్టే శ్రమలో ఎక్కువ భాగం సరైన జవాబు మీద కాదు, మిగతా మూడింటి మీద ఖర్చవుతుంది. పరీక్షల భాషలో వాటిని డిస్ట్రాక్టర్లు అంటారు. మానసిక వ్యాధుల మందుల మీద ప్రశ్నలు రాసేవాళ్లం పాటించాల్సిన నియమాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఒకటుంది. ఈ రోగికి తప్పయిన ఆ మూడు జవాబుల్లో ప్రతిదీ, పరిస్థితి కాస్త వేరుగా ఉన్న మరో రోగికి సరైన జవాబు అయి తీరాలి. అలా లేనిది డిస్ట్రాక్టర్ కాదు, ఖాళీ నింపడానికి పెట్టిన మాట మాత్రమే.

ముందు కారణం, తర్వాత ప్రశ్న

పేపర్ సెట్ చేసేవాళ్లలో చాలామంది పాఠ్యపుస్తకం తెరిచి ఒక వాక్యం పట్టుకుంటారు. "లిథియం గురించి కింది వాటిలో సరైనది ఏది?" అని రాసి, ఆ వాక్యం కింద మూడు తప్పుడు వాక్యాలు చేరుస్తారు. ఇలాంటి ప్రశ్నలో నాలుగు ఆప్షన్లూ నాలుగు వేర్వేరు విషయాల గురించి మాట్లాడతాయి. ఒకటి మోతాదు, ఒకటి థైరాయిడ్, ఒకటి గర్భం, ఒకటి మూత్రపిండం. వాటిలో ఏది "ఎక్కువ సరైనదో" పోల్చి చెప్పడానికి కొలబద్దే ఉండదు.

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆప్షన్లను చేత్తో మూసేసి ప్రశ్న మాత్రమే చదవాలి. విషయం తెలిసినవాడు అప్పుడు కూడా జవాబు చెప్పగలగాలి. "సరైనది ఏది?" అన్నదానికి ఎవరూ చెప్పలేరు. పైన ఇచ్చిన ప్రశ్నకు మాత్రం విషయం తెలిసిన హౌస్ సర్జన్ ఎవరైనా ఆప్షన్లు చూడకుండానే "సెలైన్ ఎక్కించాలి" అంటాడు.

అందుకే ప్రశ్నకన్నా ముందు రాయాల్సింది దాని వెనుక ఉన్న కారణం. డాక్టరు ఏ నిర్ణయం తీసుకోవాలి, ఎందుకు తీసుకోవాలి అన్నది నాలుగైదు వాక్యాల్లో కాగితం మీద పెట్టాలి. మన ప్రశ్నకు ఆ కారణం ఇలా ఉంటుంది.

లిథియం చాలా చిన్న మూలకం. కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, బయటికి పోయే దారి మూత్రపిండం ఒక్కటే. మూత్రపిండం మొదట వడకట్టిన లిథియంలో ఎక్కువ భాగాన్ని సోడియంతోపాటే మళ్లీ వెనక్కి పీల్చుకుంటుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండం సోడియాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని పట్టుకునే క్రమంలో లిథియాన్నీ పట్టేసుకుంటుంది. ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండానికి రక్తం సరిగ్గా అందించే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించి, లిథియం బయటికి పోయే వేగాన్ని ఇంకా తగ్గిస్తాయి. రెండూ కలిస్తే, ఆరేళ్లుగా ఏ ఇబ్బందీ పెట్టని మోతాదే విషంగా మారుతుంది. నీరు, సోడియం తిరిగి ఇస్తే మూత్రపిండం లిథియాన్ని వదలడం మొదలుపెడుతుంది.

ఈ సంబంధం తెలియకపోవడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భం వైద్య చరిత్రలో ఉంది. 1940ల చివర్లో అమెరికాలో ఉప్పు తినకూడని గుండె జబ్బు రోగులకు, మామూలు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్‌ను అమ్మారు. ఆహారంలో సోడియం లేదు, శరీరంలోకి లిథియం వస్తూనే ఉంది. కొందరు విషప్రభావానికి లోనయ్యారు, మరణాలు సంభవించాయి, 1949లో ఆ ఉప్పును మార్కెట్ నుంచి తీసేశారు. అదే 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, ఉన్మాద స్థితిలో ఉన్న రోగుల మీద లిథియం పనిచేస్తుందని ప్రకటించాడు. సోడియం తగ్గిన ఒంట్లో లిథియం పేరుకుపోతుందన్న సంగతి విద్యార్థికి అర్థమైందా లేదా అన్నదే మన ప్రశ్న అడుగుతోంది.

స్టెమ్‌లో ప్రతి అంకెకీ ఒక పని

రోగి వివరాలున్న భాగాన్ని స్టెమ్ అంటారు. అందులో అలంకారానికి పెట్టిన మాట ఒక్కటి కూడా ఉండకూడదు. ప్రతి వివరమూ ఒక తలుపు తెరవాలి, లేదా ఒక వాదనకు తలుపు మూయాలి.

"చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు" అని ఎందుకు రాశాం? మాత్ర మింగిన రెండు మూడు గంటల్లో రక్తం తీస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా లిథియం ఎక్కువగానే కనిపిస్తుంది. ఆ మాట లేకపోతే తెలివైన విద్యార్థి "రక్తం ఎప్పుడు తీశారో తెలియదు కదా" అని అభ్యంతరం చెప్పగలడు. అతని మాట న్యాయమే అవుతుంది.

"సోడియం 138" దేనికి? ఏళ్ల తరబడి లిథియం వాడేవాళ్లలో కొందరికి మూత్రపిండం నీటిని నిలుపుకునే శక్తి తగ్గి, రక్తంలో సోడియం పెరిగిపోతుంది. అలాంటివారికి నార్మల్ సెలైన్ ఎక్కిస్తే సోడియం ఇంకా పైకి పోతుంది. స్టెమ్‌లో 152 అని ఉంటే మన కీ తప్పవుతుంది. 138 అన్న అంకె ఆ దారిని మూస్తోంది.

"జ్వరం లేదు, కండరాలు బిగుసుకోలేదు" అన్న వాక్యం, మానసిక వ్యాధుల మందులతో వచ్చే మరో ప్రమాదకర స్థితి అయిన న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ వైపు ఆలోచన పోకుండా ఆపుతుంది. "స్పృహలోనే ఉంది, సరిగ్గా జవాబు చెబుతోంది" అన్న వాక్యానికి ఇంకా పెద్ద పని ఉంది. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

ఇక 1.6 అన్న అంకె. దీర్ఘకాలం వాడేవారికి మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషప్రభావాన్ని అనుమానిస్తారు. స్టెమ్‌లో 3.5 అని రాసి ఉంటే అంకె చూడగానే అందరికీ తెలిసిపోతుంది, రోగిని చూడాల్సిన పని ఉండదు. ఏళ్లుగా వాడుతున్నవారిలో రక్తంలో లిథియం కొంచెమే పెరిగినా మెదడులో పేరుకున్నది ఎక్కువ ఉండొచ్చు. అందుకే అంకె కాస్తే ఎక్కువ, లక్షణాలు మాత్రం తీవ్రం అన్న పరిస్థితిని ఎంచుకున్నాం. నిజంగా డాక్టర్లు పొరబడేది అక్కడే.

డిస్ట్రాక్టర్లు ఎక్కడి నుంచి వస్తాయి

కుర్చీలో కూర్చుని ఊహిస్తే మంచి డిస్ట్రాక్టర్లు రావు. వార్డులో హౌస్ సర్జన్లు రాసే కేస్ షీట్లలో, వైవాలో విద్యార్థులు తడబడే చోట, పాత జవాబు పత్రాల్లో అవి దొరుకుతాయి. "ఇది ఎందుకనుకున్నావు నాన్నా?" అని విద్యార్థిని అడిగితే అతను చెప్పే కారణమే డిస్ట్రాక్టర్‌కు ముడిసరుకు. ఆ కారణంలో సగం నిజం ఉంటుంది. సగం నిజమే మనిషిని తప్పుదారి పట్టిస్తుంది.

మన మూడింటినీ అలా చూద్దాం. చార్‌కోల్ టిక్ పెట్టే విద్యార్థికి "విషం అంటే చార్‌కోల్" అన్న సాధారణ సూత్రం గుర్తుంది. చాలా మందుల విషయంలో అది నిజం కూడా. డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్‌ను ఎవరైనా ఎక్కువ మోతాదులో మింగి గంటలోపు వస్తే చార్‌కోల్ సరైన ఆలోచనే. లిథియం మాత్రం చార్‌కోల్‌కు అంటుకోదు. పైగా ఈమెకు మందు పది రోజులుగా మెల్లగా పేరుకుంది, ఇప్పుడు కడుపులో పట్టుకోవాల్సింది పెద్దగా లేదు.

ఫ్యూరోసెమైడ్ ఎంచుకున్న విద్యార్థి "మూత్రం ఎక్కువ పోతే విషమూ పోతుంది" అనుకుంటాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన గుండె రోగికి ఈ మందే ప్రాణం నిలుపుతుంది. కానీ నాలుక ఎండిపోయిన మనిషికి మూత్రం ఎక్కువయ్యే మందు ఇస్తే ఉన్న నీరు, సోడియం కూడా పోతాయి. అప్పుడు మూత్రపిండం లిథియాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఈ ఆప్షన్ ఎంచుకున్నవాడికి మనం పరీక్షిస్తున్న విషయమే తలకిందులుగా అర్థమైంది. ప్రశ్న మొత్తంలో అన్నిటికన్నా విలువైన డిస్ట్రాక్టర్ ఇదే.

ప్రొప్రనొలాల్ వెనుక ఉన్నది వణుకు. లిథియం వాడేవారికి వేళ్లలో సన్నటి వణుకు రావడం మామూలే. రక్తంలో లిథియం సరిగ్గానే ఉండి, ఆ వణుకు ఇబ్బంది పెడుతుంటే ప్రొప్రనొలాల్ ఇస్తారు. గ్లాసు పట్టుకోలేనంత పెద్ద వణుకు, దానికి తోడు తూలే నడక, ముద్ద మాట ఉంటే అది వేరే సంగతి. అక్కడ వణుకును ఆపితే ప్రమాదానికి గుర్తుగా వచ్చిన లక్షణాన్ని కప్పిపెట్టినట్టే.

మూడూ మూడు రకాల పొరపాట్లు. ఒకటి సాధారణ సూత్రాన్ని మినహాయింపు తెలియకుండా వాడటం, ఒకటి శరీరం పనిచేసే తీరును తిరగేసి అర్థం చేసుకోవడం, ఒకటి లక్షణాన్ని చూసి జబ్బును వదిలేయడం. ఎవరు ఏది ఎంచుకున్నారో చూస్తే, రేపు క్లాసులో ఏం చెప్పాలో టీచరుకు తెలుస్తుంది.

పనికొచ్చేలా కనిపించి పనికిరాని రెండు ఆప్షన్లు

లిథియం విషప్రభావం అనగానే విద్యార్థులకు మొదట గుర్తొచ్చేది డయాలసిస్. దాన్ని ఆప్షన్‌గా పెడితే చాలామంది పడతారు. అయినా ఈ ప్రశ్నలో పెట్టకూడదు.

లిథియం విషప్రభావంలో డయాలసిస్ ఎప్పుడు చేయాలన్న దానిపై ఎక్స్‌ట్రిప్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 2015లో సిఫారసులు ప్రచురించింది. స్పృహ తగ్గినా, ఫిట్స్ వచ్చినా, గుండె లయ ప్రాణాపాయంగా తప్పినా అంకెతో సంబంధం లేకుండా చేయాలి. మూత్రపిండం దెబ్బతిని లిథియం 4 దాటినా చేయాలి. మన రోగికి ఇవేవీ లేవు. "స్పృహలోనే ఉంది" అన్న వాక్యాన్ని స్టెమ్‌లో పెట్టింది అందుకే. కానీ ఆ సిఫారసుల్లో మరో మాట కూడా ఉంది. లిథియం 1.0 కంటే కిందికి రావడానికి 36 గంటలకు మించి పట్టేలా ఉంటే డయాలసిస్ ఆలోచించవచ్చు. మన రోగి క్రియాటినిన్ 0.9 నుంచి 1.4కి పెరిగింది. మూత్రపిండం మందకొడిగా ఉంది కనుక 36 గంటలు దాటవచ్చని ఒక నెఫ్రాలజిస్టు వాదిస్తే కొట్టిపారేయలేం. ఇద్దరు నిపుణులు నిజాయితీగా విభేదించగల ఆప్షన్‌ను తప్పని ప్రకటించే హక్కు పేపర్ సెట్టరుకు లేదు. బలంగా ఆకర్షించడం ఒకటే చాలదు. తప్పని నిరూపించగలగాలి కూడా.

రెండోది "లిథియం మోతాదు సగం చేసి వారం తర్వాత రక్తపరీక్ష" అన్న ఆప్షన్. బయట జరిగే పొరపాట్లలో ఇది ముఖ్యమైనది. 1.6 అన్న అంకె చూసి "కొంచెమే పెరిగింది" అనుకుని రోగిని ఇంటికి పంపేస్తారు. దీన్ని మన ప్రశ్నలో చేర్చాలంటే మిగతా మూడింటి ముందు "లిథియం ఆపి" అని రాయాలి. లిథియం ఆపి సెలైన్, లిథియం ఆపి ఫ్యూరోసెమైడ్, లిథియం ఆపి చార్‌కోల్. మూడింట్లో ఒకే మాట, ఒక్కదాంట్లో వేరే మాట. పాఠం చదవని విద్యార్థి కూడా ఆ ఒక్కదాన్ని కొట్టేస్తాడు. కాబట్టి ఆ నిర్ణయానికి విడిగా ఇంకో ప్రశ్న రాయాలి. ఇక్కడ లిథియం ఆపిన సంగతి స్టెమ్‌లోనే చెప్పేసి, తర్వాతి చికిత్స ఒక్కటే అడిగాం. ఒక ప్రశ్నకు ఒకే నిర్ణయం.

ఇలాంటి జాడలు వదలడం వల్ల జరిగే నష్టాన్ని లెక్క కట్టవచ్చు. నాలుగు మార్కులు, ఒక మార్కు కోత ఉన్న పరీక్షలో నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా టిక్ పెట్టే విద్యార్థికి సగటున పావు మార్కు వస్తుంది. రెండు ఆప్షన్లు చూడగానే కొట్టేయగలిగినంత పేలవంగా ఉంటే, మిగిలిన రెండింట్లో ఒకటి గుడ్డిగా పెట్టినా సగటున ఒకటిన్నర మార్కు వస్తుంది. ఆ ఒకటిన్నర మార్కు అతనికి మందుల గురించి తెలిసినందుకు రాలేదు, పేపర్ సెట్టరు అలవాట్లు తెలిసినందుకు వచ్చింది. ర్యాంకుల జాబితాలో దాని బరువు పడేది నిజంగా చదివిన మరో విద్యార్థి మీద.

సరైన జవాబును మాత్రమే వివరంగా, పొడవుగా రాయడం కూడా అలాంటి అలవాటే. తప్పు అని ఎవరూ అనకూడదన్న జాగ్రత్తలో కీకి "అవసరాన్ని బట్టి", "సాధారణంగా" వంటి మాటలు చేరతాయి. డిస్ట్రాక్టర్లలో "ఎప్పుడూ", "ఎట్టి పరిస్థితిలోనూ" అని ఉంటాయి. విద్యార్థులు ఇది పసిగట్టేస్తారు. మన నాలుగు ఆప్షన్లూ ఒకటి రెండు మాటలకు మించలేదు, నాలుగూ చికిత్సలే. పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఆ అక్షర క్రమంలోనే పేర్చాం. కీ ఏ స్థానంలో పడాలన్నది అక్షరాలే నిర్ణయించాయి, పెట్టేవాళ్ల ఇష్టం కాదు.

మార్కింగ్ వివరణలో ఏముండాలి

ప్రతి ప్రశ్నతోపాటు ప్రశ్నల బ్యాంకులోకి ఒక వివరణ పత్రం వెళ్లాలి. చాలా చోట్ల అందులో "సరైన జవాబు సి" అన్న ఒక్క ముక్క ఉంటుంది, లేదా పాఠ్యపుస్తకంలో పేజీ నంబరు ఉంటుంది. అది వివరణ కాదు. వివరణ ప్రతి ఆప్షన్‌కూ మూడు మాటలు చెప్పాలి. ఏ ఆలోచనతో విద్యార్థి దీన్ని ఎంచుకుంటాడు? ఈ స్టెమ్‌లో ఏ వివరం దీన్ని సరైనదిగానో తప్పుగానో నిలబెడుతోంది? స్టెమ్‌లో ఏం మారితే ఇది తారుమారవుతుంది?

మన ప్రశ్నకు ఫ్యూరోసెమైడ్ దగ్గర రాసే వివరణ ఇలా ఉంటుంది. "మూత్రంతో లిథియం పోతుందన్న ఆలోచనతో ఎంచుకుంటారు. ఎండిన నాలుక, వాంతులు, విరేచనాలు, పెరిగిన క్రియాటినిన్ ఒంట్లో నీరు తగ్గిందని చెబుతున్నాయి. ఈ స్థితిలో సోడియం ఇంకా పోతే మూత్రపిండం లిథియాన్ని మరింత నిలుపుకుంటుంది, అందుకే తప్పు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన రోగి అయితే పరిశీలించదగినది."

కీకి కూడా అదే పద్ధతి. "నీరు, సోడియం భర్తీ చేస్తే మూత్రపిండం లిథియాన్ని వదులుతుంది. సోడియం 138 కనుక నార్మల్ సెలైన్ సురక్షితం, ఎక్కిస్తున్నంతసేపూ సోడియం, లిథియం మళ్లీ మళ్లీ చూడాలి. సోడియం ఎక్కువగా ఉంటే ఈ కీ చెల్లదు."

"ఏం మారితే" అన్న మూడో మాట రాయలేకపోతే ఆ ఆప్షన్‌ను తీసేయాలి. ఏ రోగికీ ఎప్పుడూ సరైనది కాని చికిత్సను తప్పని గుర్తించడానికి వైద్యం తెలియనక్కర్లేదు. అన్ని రోగులకూ సరైనదే అయితే అది డిస్ట్రాక్టర్ కానే కాదు. మానసిక వ్యాధుల మందుల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. "స్కిజోఫ్రీనియాకు మొదట ఇవ్వాల్సిన మందు ఏది?" అని అడిగి రిస్పెరిడోన్, ఓలాంజపిన్, అరిపిప్రజోల్ పెడితే మూడూ సరైనవే. రోగికి షుగరు ఉంది, బరువు ఎక్కువ అని చెబితే ఓలాంజపిన్ వెనక్కి పోతుంది. రెండు మందులు సరైన మోతాదులో, సరిపడా కాలం వాడినా తగ్గలేదని చెబితే క్లోజపిన్ ముందుకొస్తుంది. మందు పేరు జవాబు కాదు, ఆ మందు ఆ రోగికి ఎందుకన్నదే జవాబు.

పరీక్ష అయ్యాక అంకెలు చెప్పేది

ప్రశ్న బాగుందో లేదో చివరికి తేల్చేది జవాబు పత్రాలు. అర్థం కావడానికి ఒక ఊహా లెక్క తీసుకుందాం. వంద మంది రాశారు. 62 మంది సెలైన్, 20 మంది ఫ్యూరోసెమైడ్, 14 మంది చార్‌కోల్, నలుగురు ప్రొప్రనొలాల్ ఎంచుకున్నారు. 62 శాతం సరిగ్గా రాశారంటే ప్రశ్న మరీ కష్టమూ కాదు, మరీ తేలికా కాదు.

తర్వాత మొత్తం పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చిన 27 మందినీ, తక్కువ వచ్చిన 27 మందినీ విడదీసి చూస్తారు. పైవాళ్లలో 23 మంది, కిందివాళ్లలో 11 మంది సరిగ్గా రాశారనుకోండి. తేడా 12, దాన్ని 27తో భాగిస్తే 0.44. చదివినవాళ్లనూ చదవనివాళ్లనూ ప్రశ్న బాగానే విడదీస్తోందని అర్థం. ఈ అంకె సున్నా దగ్గరుంటే ప్రశ్న ఏమీ కొలవట్లేదు. సున్నాకన్నా కిందికి పోతే ముందు కీని అనుమానించాలి. బాగా చదివినవాళ్లే ఎక్కువమంది ఫలానా తప్పు ఆప్షన్ వైపు వెళ్లారంటే, వాళ్లకు మనకన్నా ఎక్కువ తెలిసి ఉండవచ్చు. అలాంటప్పుడు వివరణ పత్రం తీసి, ఆ ఆప్షన్‌ను తప్పని చెప్పిన కారణం ఇప్పటికీ నిలబడుతోందా అని చూడాలి.

మన లెక్కలో ప్రొప్రనొలాల్‌ను నలుగురే ఎంచుకున్నారు. నూటికి ఐదుగురు కూడా ఎంచుకోని డిస్ట్రాక్టర్ పనిచేయడం లేదని సాధారణంగా భావిస్తారు. కారణం స్టెమ్‌లోనే ఉంది. తూలే నడక, ముద్ద మాట చదివిన ఎవరూ ఇది వట్టి వణుకే అనుకోరు. ఆ స్థానంలో ట్రైహెక్సిఫెనిడిల్ పెట్టవచ్చు. మానసిక రోగుల్లో హాలోపెరిడాల్ వంటి మందులతో వచ్చే బిగుతు, వణుకు తగ్గించడానికి మన దగ్గర దాన్ని విరివిగా వాడతారు. మానసిక రోగి, వణుకు, ముద్ద మాట అన్న మూడింటిని కలిపి "మందుల సైడ్ ఎఫెక్టే" అనుకునే విద్యార్థి అక్కడ ఆగుతాడు. ఆమె హాలోపెరిడాల్ వాడటం లేదు, కండరాలు బిగుసుకోలేదు అన్న వివరాలు దాన్ని తప్పని నిరూపిస్తాయి. హాలోపెరిడాల్‌తో మెడ పట్టేసిన కుర్రాడికి అదే సరైన మందు. ఇంగ్లిష్ అక్షర క్రమంలో అదీ చివరే వస్తుంది కనుక ఆప్షన్ల వరస మారదు.

పనిచేసే మూడో డిస్ట్రాక్టర్ దొరక్కపోతే ఏం చేయాలి? మైకేల్ రోడ్రిగెజ్ 2005లో ఎనభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి, చాలా సందర్భాల్లో మూడు ఆప్షన్లే సరిపోతాయని చెప్పారు. పరీక్ష నిబంధన నాలుగు అడిగితే తప్పదు. కాలేజీ అంతర్గత పరీక్షల్లో మాత్రం పనికిరాని నాలుగోదాన్ని వెతికే సమయాన్ని ఇంకో ప్రశ్న రాయడానికి వాడుకోవచ్చు.

ఈ ప్రశ్న కొలవలేనిది

ఇంత చేసినా ఈ ప్రశ్నకు ఒక హద్దు ఉంది. ఆమె ఇబుప్రోఫెన్ వేసుకుంటోందని స్టెమ్‌లో మనమే చెప్పేశాం. నిజమైన రోగి ఆ మాట తనంతట తాను చెప్పకపోవచ్చు. షాపులో కొన్న నొప్పి మాత్రను చాలామంది మందుగానే లెక్కపెట్టరు. "అమ్మా, ఈమధ్య నొప్పులకు గానీ, బీపీకి గానీ కొత్తగా ఏమైనా వేసుకుంటున్నారా?" అని అడగాలని డాక్టరుకు తోస్తుందా లేదా అన్నది నాలుగు ఆప్షన్ల ప్రశ్నతో తేలదు. దాన్ని రోగి పక్కన నిలబెట్టి చేసే ప్రాక్టికల్ పరీక్షలోనే చూడాలి. ఒక్క ఎంసీక్యూ పేపరుతో డాక్టరు సామర్థ్యం మొత్తం తెలిసిపోతుందనుకుంటే అది పరీక్ష మీద పెట్టకూడని భారం.

ప్రశ్నలు పాతబడతాయి కూడా. సిఫారసులు మారతాయి, కొత్త మందులు వస్తాయి, నిన్నటి కీ రేపు వివాదమవుతుంది. కీ ఒక్కటే దాచిన ప్రశ్నను పదేళ్ల తర్వాత ఎవరూ సరిదిద్దలేరు, రాసినవాళ్ల ఆలోచన దాంతో లేదు కనుక. వివరణతో సహా దాచిన ప్రశ్నలో, ఏ వాక్యం మీద కీ నిలబడిందో కొత్తగా వచ్చిన టీచరుకైనా కనిపిస్తుంది. ఆ వాక్యం చెల్లకపోతే ప్రశ్నను తీసేస్తారు, చెల్లితే మళ్లీ వాడతారు. పరీక్ష రాసి కీ మీద అభ్యంతరం పెట్టిన విద్యార్థికి కూడా చూపాల్సింది ఆ పత్రమే. అందులో అతని ఆప్షన్ ఎందుకు తప్పో, ఎలాంటి రోగికైతే అది ఒప్పయ్యేదో రెండూ రాసి ఉండాలి. అవి లేకపోతే అతని అభ్యంతరానికి మన దగ్గర జవాబు లేనట్టే, మార్కు అతనికి ఇవ్వాల్సిందే.